ఎనిమిది తర్వాతి కచేరీ

బి.ఏ. పాసయ్యానని తెలిసిన రోజు నేను ఇంటికి పోలేదు. నేరుగా తిరుపతి స్టేషను ముందరి జట్కా స్టాండుకు పరిగెత్తాను. మా నాయన వరుసలో ముందున్నాడు. రైలు వచ్చే వేళ. రెండు చేతులతో గుర్రం మెడ పట్టుకుని దానికేదో చెబుతున్నాడు.

"నాయనా, పాసయినాను."

"ఏం పరీక్ష?"

"బి.ఏ. నాయనా. ఇంక పరీక్షలు లేవు. అయిపోయింది."

"అయిపోయిందంటే, ఇంక సదివేది ఏమీ లేదా?"

"సదవాలంటే ఉండాది. సదవకపోయినా ఫరవాలేదు."

నాయన వరుసలో తన వెనకున్న మా మామ వైపు తిరిగి, "ఒరే, నా బేరం నువ్వు తీసుకో. నేను ఈరోజు కాలేజీ ముగించినోడిని ఇంటికి తీసకపోవాల" అన్నాడు. ఆ రోజు నేను జట్కాలో యాత్రికుల మాదిరి వెనక సీట్లో కూర్చుని ఇంటికి పోయాను. దారిలో కనబడిన ప్రతి ఒక్కరికీ నాయన బండి ఆపి చెప్పాడు. చెప్పనివాళ్ళకు నేను చెప్పాను. మా వంశంలో సంతకం పెట్టడం నేర్చిందే నేను. ఊళ్ళోనే కాలేజీ పెట్టకపోయుంటే అది కూడా ఎంతవరకు నేర్చేవాడినో.

అమ్మ మాత్రం వార్త విని ఒళ్ళో ఉన్న పూలు పక్కన పెట్టలేదు. కట్టే మూర పూర్తిచేసి, దారం తెంపి, అప్పుడు నా తలమీద చెయ్యి పెట్టింది.

"నీకేం కావాల చెప్పమ్మా. నేనిప్పుడు ఏమైనా చెయ్యగలను" అన్నాను. ఆ వయసులో ఆ మాటను నిజంగానే నమ్మాను. ఇప్పటికీ పెద్దగా తప్పనుకోను.

అమ్మ ఆలోచించడానికి టైము తీసుకోలేదు. ఎప్పటినుంచో మనసులో పెట్టుకున్నట్టు చెప్పింది.

"ఆ పార్కు రేడియోలో పాడే ఆమె పాట కడదాకా వినాల."

సంగతేమంటే, అమ్మ సాయంత్రాలు మునిసిపాలిటీ పార్కు గేటు దగ్గర పూలబుట్ట పెట్టుకుని కూర్చునేది. పార్కులో స్తంభానికి కట్టిన లౌడుస్పీకరు గొట్టంలో మద్రాసు రేడియో వచ్చేది. కచేరీ ఉన్న రోజు అమ్మ బేరాలు కూడా సరిగ్గా చూసేది కాదు. అందులోనూ ఒక గాయని పాడుతోందంటే, మూర అడిగినవాళ్ళకు రెండు మూరలు కోసిచ్చేది. కానీ సరిగ్గా ఎనిమిది కాగానే వాచ్‌మన్ వచ్చి రేడియో ఆపి పార్కు గేటుకు తాళం వేసేవాడు. పాట మధ్యలో ఉన్నా సరే, రాగం మధ్యలో ఉన్నా సరే. అతని డ్యూటీ అది. అన్నేళ్ళలో అమ్మ ఒక్క కచేరీ కూడా చివరిదాకా వినలేదు. ఆ గాయని చివర్లో ఏం పాడుతుందో, ఎట్లా ముగిస్తుందో తెలియదు.

"ఆమె డిసెంబరులో మద్రాసులో పాడుతుందమ్మా. తీసకపోతాను" అన్నాను.

పక్కనున్న నాయన గట్టిగా నవ్వాడు. "ఊరికి వచ్చే ప్రతి రైలుకూ ఎదురుపొయ్యేది నేను. ఇంతవరకూ ఒక్క రైలూ ఎక్కింది లేదు. ఇప్పుడు పాట కోసరం ఎక్కాల్నా?"

"ఎక్కితే తెలుస్తుంది, ఎందుకు ఎక్కలేదో" అంది అమ్మ.

అట్లా మొదలైంది.

డిసెంబరు వచ్చేసరికి నాకు హైస్కూల్లో పని దొరికింది. పేపర్లో ఆమె పాడే సంగీత సభ ప్రోగ్రాం పడింది. నేను సభ కార్యదర్శికి జవాబు కార్డు జతచేసి ఇంగ్లీషులో రాశాను. నాలుగుసార్లు చిత్తు రాసి, అయిదోసారి కార్డుమీదికి ఎక్కించాను. చివర్లోనూ, జవాబు కార్డు అడ్రసులోనూ పేరు పక్కన బి.ఏ. అని పెట్టాను. జవాబు వచ్చింది. సీజను టిక్కెట్లు సభ్యులకే. మిగిలినవాళ్ళకు ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి పందిరి దగ్గర కిటికీ తెరిచి రోజు టిక్కెట్లు ఇస్తారు. పోస్టులో పంపరు. నేలమీద కూర్చునే చోటు ఆడవాళ్ళకు వేరు, మగవాళ్ళకు వేరు. అంతే. నాకది చాలు. తెల్లారుజాము బండికి తిరుపతిలో ఎక్కి, రేణిగుంటలో దిగి పెద్ద లైను బండికి మారితే మధ్యాహ్నం లోపలే సెంట్రల్‌లో ఉంటాం. కిటికీ తెరిచేలోగా వరుసలో నిలబడొచ్చు. సాయంత్రం కచేరీ. రాత్రి సత్రంలో పడుకుని మరుసటి పొద్దున రైలుకు వాపసు.

మామ అన్నీ విని, "అన్నీ బాగుండాయి అల్లుడా. గుర్రమో?" అన్నాడు.

ఆ గుర్రానికి నాయన చేతి ఉలవలు తప్ప వేరేవాళ్ళ చేతివి సయించవు. ఒకసారి నాయన జ్వరంతో పడుకుంటే అది కూడా పస్తుండింది. నాయన రాత్రి ఊరు దాటడమంటే గుర్రం పస్తు. గుర్రం పస్తంటే నాయన రాడు. నాయన రాకుండా అమ్మ రాదు.

"నీ కాకీకోటు ఇచ్చిపో బావా" అన్నాడు మామ చివరికి. "అది వేసుకొని ఉలవలు పెడతా. దానికి నీ మొగం కన్నా నీ కోటు మీద నమ్మకం ఎక్కువ."

వారం ముందర పరీక్ష పెట్టాం. మామ ఆ చెమట కంపు కోటు వేసుకుని తొట్టి దగ్గర నిలబడ్డాడు. గుర్రం ఒకసారి మామను చూసింది, ఒకసారి కోటు వాసన చూసింది, తర్వాత ఉలవల్లో మూతి పెట్టింది. నాయన గోడచాటునుంచి చూస్తున్నాడు. సంతోషపడాలా బాధపడాలా తెలియలేదనుకుంటాను. "ఇన్నాళ్ళూ ఇది కోటునేనా నమ్ముకొనింది" అన్నాడు.

తిండి సంగతి అమ్మ చూసుకుంది. రేషను రోజులు. పచ్చి బియ్యం మూట కనబడితే రైల్లో చెకింగువాళ్ళు దించేస్తారు. వండిన పులుసన్నమైతే ఎవరూ అడగరు. రెండు పూటలకు సరిపడా కట్టింది. తడిగుడ్డలో చుట్టి మల్లెపూలు కూడా పెట్టింది.

"అవి ఎందుకమ్మా? మద్రాసులో పూలు దొరకవా?"

"దొరుకుతాయి. నేను కట్టినివి కావు గదా."

రైల్లో నాయన కిటికీ పక్కనే నిలబడ్డాడు, కూర్చోలేదు. ఎవరు ఎక్కినా మూటలు లోపలికి అందుకున్నాడు. అలవాటు. పుత్తూరు, తిరుత్తణి దాటేసరికి బోగీలో సగం మందికి నేను బి.ఏ. పాసయ్యానని తెలిసిపోయింది. అరక్కోణంలో ఎక్కిన ఒకాయనకు మాత్రం నేను చెప్పలేదు. అమ్మ చెప్పింది.

సెంట్రల్‌లో దిగాక పనులు పంచుకున్నాం. మరుసటి పొద్దున వాపసు బండి ఎప్పుడో బోర్డు చూసి రాసుకున్నాను. నాయనను మైలాపూరు సభకు పోయే ట్రామెక్కించి, "వరుసలో నిలబడి ఉండు నాయనా. మేము సత్రంలో మూటలు పెట్టి వస్తాం. మూడు టిక్కెట్లు, నేలవి" అని చెప్పాను. ఎక్కడ దిగాలో కండక్టరుకు కూడా తమిళంలో చెప్పాను. నాయన దబాయించాడు.

"నాకు వరుస గురించి నువ్వు చెప్పేదేందప్పా? ముప్పై ఏండ్లుగా వరుసలోనే నిలబడినోడిని."

స్టేషను దగ్గరి సత్రం మన తెలుగు వర్తకులు కట్టించింది. గది దొరికింది, తాళం మాదే. గేటు కాపలాదారు పుత్తూరు పక్క మనిషి. పెద్దాయన. అన్నీ చక్కగా చెప్పి, చివర్లో ఒక మాటన్నాడు.

"తొమ్మిదికి గేటు వేసేస్తాను అబ్బయ్యా. ఆలస్యమైతే ఈడ ఉండే రాయి మీద కూసోవాల్సిందే, తెల్లారేదాకా. మా యజమాని రూలు."

"కచేరీ ఎనిమిదికి అయిపోతుంది" అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. మా ఊళ్ళో కచేరీ ఎనిమిదికే అయిపోయేది. నేను పుట్టి పెరిగిందీ, డిగ్రీ తెచ్చుకున్నదీ ఆ పార్కు పక్కనే.

మైలాపూరు చేరి పందిరి దగ్గరికి పోయేసరికి రెండు దాటింది. తాటాకు పందిరి, పెద్దది. వరుస వీధి మలుపు తిరిగి ఉంది. అందులో నాయన లేడు. ముందునుంచి చివరదాకా, చివరినుంచి ముందుదాకా చూశాను. అమ్మే ముందు కనిపెట్టింది.

"అదిగో మీ నాయన."

వీధికి అవతలి పక్క చెట్టు నీడలో జట్కా స్టాండు. అక్కడ నాయన ఎవరిదో గుర్రం కాలు ఎత్తి పట్టుకుని నాడా చూపిస్తున్నాడు. చుట్టూ నలుగురు జట్కావాళ్ళు. అందరూ మంచి సంతోషంగా ఉన్నారు.

"టిక్కెట్లు నాయనా?"

"వరుసలో ఉండాం గదా. ముందునుంచి పదోవాళ్ళం. తువ్వాలు పెట్టి వచ్చినా" అన్నాడు.

మా స్టాండులో అదే పద్ధతి. వరుసలో ఉన్నవాడు టీకి పోవాలన్నా, గుర్రానికి నీళ్ళు పెట్టాలన్నా, తన చోట తువ్వాలు పెట్టిపోతాడు. ఎంతసేపైనా సరే, ఆ తువ్వాలును దాటి ఇంకొకరు బేరం ఎక్కించుకోరు. తువ్వాలు దాటినవాడితో ఎవరూ మాట్లాడరు. నాయన దృష్టిలో ఆ తువ్వాలే నాయన.

మద్రాసువాళ్ళకు ఆ సంగతి తెలియదు. పాపం, ఎవరో పారేసుకున్నదనుకుని దాన్ని మర్యాదగా తీసి పందిరి రాటకు వేలాడదీశారు. నాయన దాన్ని చూసి నమ్మలేకపోయాడు.

"దుడ్డు కాదు, నగ కాదు. వట్టి తువ్వాలు. దానికే మర్యాద లేకపాయె" అన్నాడు.

"మర్యాద ఇచ్చినారు గదా, పైకెత్తి కట్టినారు" అంది అమ్మ.

చివరికి పోయి నిలబడ్డాం. కిటికీ చేరేసరికి లోపలాయన తల అడ్డంగా ఊపాడు. మగవాళ్ళ నేల అయిపోయింది, కుర్చీలు ఎప్పుడో అయిపోయాయి. ఆడవాళ్ళ నేల కొంచెం ఉంది.

నేను ఇంగ్లీషులో మాట్లాడాను. కార్డు చూపించాను. ఆయన కార్డు చదివి, పేరు పక్కన బి.ఏ. చూసి, "కంగ్రాట్స్" అన్నాడు. టిక్కెట్టు మాత్రం ఒకటే ఇస్తానన్నాడు.

నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ ఎప్పుడూ ఒంటరిగా ఎక్కడా కూర్చోలేదు. పార్కు గేటు దగ్గర కూడా పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. తమిళం అంతంతమాత్రం. లోపల పట్టుచీరల ఆడవాళ్ళు ఉంటారు. "వద్దులేప్పా" అంటుందనుకున్నాను.

అమ్మ మల్లెపూల గుడ్డ సర్దుకుంది. "ఒకటి ఇమ్మను. నేను పోతాను" అంది.

నాయన ఆమెను గేటుదాకా తీసుకుపోయాడు. యాత్రికులతో మాట్లాడే గొంతు అది, మాకు బాగా తెలుసు. "సూడు, ఏ గేటులో పోతాండావో ఆ గేటులోనే రావాల. గుంపు ఎట్ల తోసినా వేరే గేటుకు పోవద్దు. నేను ఈ రాట దగ్గరే ఉంటా. ఈ తువ్వాలు ఉండాదే, ఇదే గుర్తు. నేను కనబడకపోతే తువ్వాలు కింద నిలబడు."

"మళ్ళా తువ్వాలేనా?" అంది అమ్మ. నవ్వుతూ లోపలికి పోయింది.

నేనూ నాయనా పందిరి బయట ఆ రాట పక్కనే కూర్చున్నాం. మాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారక్కడ. తాటాకుల సందులోంచి పాట బాగానే వస్తోంది. రేడియోలో వచ్చే గరగర లేదు. గాయని గొంతు అంత దగ్గరగా వింటుంటే కొత్తగా అనిపించింది, ఇన్నాళ్ళూ తెర వెనక మాట్లాడిన మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు. నాయన కళ్ళు మూసుకుని తొడమీద తాళం వేశాడు. నాయనకు తాళం తెలియదు, కానీ గుర్రం నడక తెలుసు. చాలా చోట్ల రెండూ కలిశాయి.

ఎనిమిదయ్యింది. పక్కాయన గడియారంలో చూశాను. పాట ఆగలేదు. పెద్ద రాగం మొదలైంది. ఒక తమిళాయనను అడిగితే, "ఇప్పుడేగా అసలుది మొదలైంది. తర్వాత చిన్నవి కొన్ని, మంగళం. ఇంకా చాలా సేపు" అన్నాడు.

తొమ్మిదికి గేటు. ట్రాములో అరగంట పైనే. మూటలు లోపల, గది లోపల, అమ్మ రాత్రంతా రాయిమీద. నేను లేచి నిలబడ్డాను.

"వాలంటీరుతో చెప్పి అమ్మను పిలిపిస్తా నాయనా. ఇప్పుడు బయల్దేరితేనే సత్రం గేటు దొరుకుతుంది."

నాయన నా పంచె అంచు పట్టుకుని లాగాడు.

"కూసో. ఎనిమిదికి ఆపేసేదానికి మనూర్లో ఒక వాచ్‌మన్ ఉండాడు. ఈడికొచ్చి నువ్వొకడివా?"

నేను కూర్చోలేదు, కానీ కదలలేదు.

"గేటు నాయనా."

"గేటు వేసేది మనిషే గదా. నువ్వు ఆడికి పో. మీ అమ్మను నేను తీసకొస్తా. ఆ నాడా గుర్రమాయన ఎంత రాత్రయినా నిలబడి ఉంటానన్నాడు, మనల్ని దింపందే పోడు. నువ్వు పోయి ఆ పెద్దాయన గేటు వెయ్యకుండా సూడు."

"ఎట్ల సూసేది?"

"మాట్లాడు. పొద్దుట్నుంచి చేస్తాండేది అదే గదా."

నాకు టిక్కెట్టు లేదు, బయట వింటున్నవాడినే. కానీ లేచి పోతుంటే ఆ రాగం వీపుమీద చెయ్యి వేసి లాగినట్టే ఉంది. ట్రామెక్కేదాకా వినబడింది, ఆ తర్వాత గంట మోతలో కలిసిపోయింది.

సత్రం చేరేసరికి పెద్దాయన గొళ్ళెం చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఇంకొక్క నిమిషమైతే నేనూ రాయిమీదే.

"అమ్మా నాయనా వెనక జట్కాలో వస్తాండారు తాతా."

"రూలు అబ్బయ్యా."

"రూలు తెలుసు తాతా. తొమ్మిది కొట్టలేదు గదా ఇంకా. నాకు ఇక్కడ నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి?"

నీళ్ళు చూపించాడు. మీ ఊరు పుత్తూరులో ఏ పక్క అని అడిగాను. చెప్పాడు. మా వైపు సంబంధం ఒకటి ఆ పక్కనుంచే వచ్చిందన్నాను. అక్కడినుంచి నా బి.ఏ.కు వచ్చాను. రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మా నాయన జట్కా తోలతాడనీ, నేను బి.ఏ. పాసయ్యాననీ చెప్పేసరికి పెద్దాయన గొళ్ళెం వదిలి గట్టుమీద కూర్చున్నాడు.

"జట్కా తోలేవాళ్ళ పిల్లోడివా? నిజంగా?"

ఆయన మనవడొకడు హైస్కూల్లో ఫోర్తు ఫారం చదువుతున్నాడట. లెక్కలు రావట. ఇంట్లో చదివినవాళ్ళు ఎవరూ లేకపోతే ఎట్లా చదివావు, ఎవరు చెప్పారు, దీపం ఎక్కడ పెట్టుకున్నావు, ఫెయిలైతే ఏం చేశావు, అన్నీ అడిగాడు. నేను అన్నీ చెప్పాను. జట్కాలో పడుకుని స్టేషను లైటు కింద చదివేవాడినని చెప్పాను. ఎక్కడో తొమ్మిది కొట్టింది. నేను ఆపలేదు. ఆయనా లేవలేదు. నా జీవితంలో అంత శ్రద్ధగా నా వార్త విన్న మనిషి ఇంకొకడు లేడు.

నేను థర్డ్ ఫారంలో ఒకసారి తప్పిన సంగతి చెబుతుండగా గిట్టల చప్పుడు వినబడింది. పెద్దాయన లేచి రెండు తలుపులూ బార్లా తీశాడు, జట్కా లోపలికే వచ్చేటట్టు.

"ఇంకా సగం ఉండాది, రేపు పొద్దున చెప్పాల" అన్నాడు నాతో.

అమ్మ దిగింది. గుడ్డలో పూలు ఒక్క మూర కూడా లేదు.

"అన్నీ ఏమయినాయమ్మా?"

"పక్కన కూసున్నోళ్ళ తలలో పూలు వాడిపోయినాయి. ఇచ్చినా. వాళ్ళు నన్ను ముందరికి జరుపుకున్నారు. పాడే ఆమె చెవి దుద్దులు కూడా కనపడినాయి."

"కడదాకా ఉన్నావా?"

"అందరూ లేచి పోయినారు. ఆమె తంబూరకు మొక్కి గుడ్డ కప్పింది. అప్పుడు లేచినా."

నాయన జట్కా ఆయనతో చేతులు కలిపి, కాలు నాడా ఇంకొకసారి చూసుకొమ్మని చెప్పి పంపాడు. తువ్వాలు భుజంమీద ఉంది. కిరాయి తీసుకోలేదట ఆయన.

"ఎట్ల ముగిస్తుందమ్మా?" అని అడిగాను. ఆ రోజు అది వినింది మా ఇంట్లో ఇద్దరే, వాళ్ళు నాకు చెప్పాలి.

అమ్మ గట్టుమీద కూర్చుంది. "పెద్దది అయిపోయినాక ఆమె అలిసిపోతుందనుకున్నా. లేదు. చిన్నచిన్నవి పాడింది, పిల్లోళ్ళకు చెప్పినట్టు. కడాకు ఒక్కటి నిదానంగా. అది అయినాక ఎవురూ ఆపమని చెప్పలా. ఆమే ఆపింది."

మరుసటి పొద్దున పెద్దాయనకు మిగతా సగం చెప్పి, మనవడికి లెక్కల పుస్తకం ఒకటి పంపిస్తానని మాటిచ్చి, సెంట్రల్‌కు నడిచాం. పంపాను కూడా. రేణిగుంటలో బండి మారి, మధ్యాహ్నానికి తిరుపతిలో దిగాం. స్టాండులో మామ కాకీకోటులో వరుసలో ఉన్నాడు. గుర్రం నాయనను చూసి సకిలించింది. నాయన దాని దగ్గరికి పోయి, ఏమీ జరగనట్టు మామ ఒంటిమీది తన కోటు వైపు చూశాడు.

"తీసెయ్యి" అన్నాడు.

ఆ వారమే పార్కులో మళ్ళీ కచేరీ వచ్చింది, ఆ గాయనిదే. నేనూ అమ్మ పక్కన కూర్చున్నాను. ఎనిమిది కాగానే వాచ్‌మన్ వచ్చి రేడియో ఆపాడు. పెద్ద రాగం మధ్యలో ఉంది. జనం ఎప్పటిలా సణిగారు. పక్కన శనగలమ్మే ఆమె, "ఇంతేనా" అంది.

"ఇంతే యాడ? ఇప్పుడే అసలుది" అంది అమ్మ, బుట్ట ఎత్తుకుంటూ. "దీని తర్వాత చిన్నవి మూడు నాలుగు ఉంటాయి. అవి అయినాక మంగళం. నువ్వు నాతో నడుస్తాండు, ఎట్లుంటుందో చెప్తా."

ఆ ఇద్దరూ ముందు, నేను వెనక. ఇల్లు వచ్చేదాకా అమ్మ చెబుతూనే ఉంది.